ఆపమన్నాము సరే, ఆగిందా?

జహీరాబాద్‌లో ఫోను ద్వారా డబ్బు పంపడం చాయ్ బండి దాకా వచ్చేసింది. అయినా పెద్ద మొత్తాల దగ్గర చెక్కు ఇంకా తన స్థానాన్ని వదులుకోలేదు. అల్లం అమ్మిన రైతుకు, ఇల్లు కట్టిన మేస్త్రీకి, దుకాణం యజమానికి, షాదీ ముబారక్ సహాయం అందుకునే తల్లికి ఈనాటికీ ఒక కాగితమే చేతికి వస్తుంది. చేతికి వచ్చిన కాగితం చేజారిపోవడమూ ఉంది. అటువంటప్పుడు చుట్టుపక్కలవారు చెప్పే మాట ఒకటే: "స్టాప్ పేమెంట్ పెట్టేయండి, అయిపోతుంది."

ఆ మాట సగమే నిజం. చెక్కును ఆపమని మనం చెప్పడం ఒక సంగతి; బ్యాంకు తన లెక్కల్లో ఆ చెక్కును ఆపివేయడం మరొక సంగతి. ఈ రెండింటి మధ్య కొంత సమయం ఉంటుంది. ఆ సమయంలో డబ్బు మన ఖాతా నుండి చట్టబద్ధంగానే వెళ్ళిపోవచ్చు. మా ఇంట జరిగిన ఒక ఉదంతం ఆధారంగా ఆ మధ్య సమయాన్ని గురించి ఇక్కడ వ్రాస్తున్నాము.

2025 నవంబరు 18, మంగళవారం. ఇంటి మీద వేయిస్తున్న రెండు గదుల పని నిమిత్తం మేస్త్రీకి ఉదయం 48,500 రూపాయల చెక్కు ఇచ్చాము. అందులో కొంత సామాను బాకీ, కొంత కూలీల డబ్బు. సాయంత్రానికల్లా కూలీలకు నగదు పంచవలసి ఉన్నందున బేరర్ చెక్కు కావాలని ఆయన కోరాడు. ఆయన పేరు వ్రాసి, "లేదా బేరర్" అన్న అచ్చుమాటలను కొట్టివేయకుండా, అడ్డగీతలు లేకుండా ఇచ్చాము.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చెక్కు స్వభావాన్ని గుర్తుచేసుకోవాలి. చెక్కు పోయినప్పుడు ఎంత తొందరపడాలో నిర్ణయించేది అదే. ఎడమ మూలన రెండు అడ్డగీతలు గీసి "అకౌంట్ పేయీ" అని వ్రాసిన చెక్కు ఎవరికి దొరికినా, అందులో పేరున్నవారి ఖాతాలో తప్ప మరొకరి ఖాతాలో జమ కారాదు. గీతలు లేకుండా, "బేరర్" అన్న మాట కొట్టివేసిన చెక్కును ఆర్డర్ చెక్కు అంటారు. దానికి నగదు ఇచ్చే ముందు బ్యాంకు తెచ్చినవారెవరో చూసుకుంటుంది. బేరర్ చెక్కు అలా కాదు. కౌంటరు వద్దకు తెచ్చినవారికి బ్యాంకు సద్భావంతో, అజాగ్రత్త లేకుండా నగదు చెల్లిస్తే దాని బాధ్యత తీరిపోయినట్లేనని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 85వ సెక్షను చెబుతుంది. తెచ్చినవాడు దానిని దారిలో ఏరుకున్నాడని తరువాత తేలినా, "మా డబ్బు మాకివ్వండి" అని బ్యాంకును అడిగే దారి దాదాపు మూసుకుపోతుంది. కనుక పోయింది అకౌంట్ పేయీ చెక్కయితే అది ఆందోళన. బేరర్ చెక్కయితే అది రోడ్డుమీద పడిన నోట్ల కట్ట.

మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలకు మేస్త్రీ తిరిగి వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది. "భాయ్‌సాబ్, చెక్కు కనబడటం లేదు. జుహర్ తర్వాత నుంచీ వెతుకుతున్నా. మీకు చెప్పడానికి సిగ్గేసింది" అన్నాడు. ఉదయం ఆయన బస్సులో బీదర్ వైపు ఒక ఊరికి వెళ్ళి వచ్చాడు. చెక్కు చొక్కా జేబులో పెట్టుకున్నట్లు గుర్తుంది కాని, ఎక్కడ జారిందో తెలియదు. సిగ్గుతో గడిచిన ఆ రెండు గంటలే ఇటువంటి సందర్భాలలో అన్నిటికన్నా ఖరీదైనవి. చెక్కును ఆపించే అధికారం దానిని వ్రాసి ఇచ్చిన ఖాతాదారునికే ఉంటుంది. పోగొట్టుకున్నవారు బ్యాంకుకు వెళ్ళి ఎంత మొరపెట్టుకున్నా, ఖాతా వారిది కాదు గనుక బ్యాంకు ఆపదు. వారు చేయగలిగిన పని ఒక్కటే: చెక్కు ఇచ్చినవారికి వెంటనే చెప్పడం.

మొదట కావలసింది చెక్కు సంఖ్య. చెక్కు అడుగున తెల్లని పట్టీ మీద ముద్రించిన అంకెలలో ఎడమవైపున ఉండే మొదటి ఆరు అంకెలే ఆ సంఖ్య. చెక్కు చేతిలో లేదు గనుక చెక్కుబుక్కులోని రికార్డు స్లిప్ చూశాము. ఉదయమే వ్రాసిపెట్టిన సంఖ్య, తేదీ, పేరు, మొత్తం అక్కడ ఉన్నాయి. స్లిప్ ఖాళీగా ఉన్నవారు చెక్కుబుక్కులో మిగిలిన చెక్కులను చూసి, వరుసలో తప్పిపోయిన సంఖ్యను పట్టుకోవచ్చు. అయితే ఒకటికి మించి చెక్కులు బయట ఉంటే ఈ ఊహ ప్రమాదకరం.

సంఖ్య విషయంలో ఇంత పట్టుదల ఎందుకంటే బ్యాంకు యంత్రాలు చెక్కును గుర్తుపట్టేది దానితోనే. ఇంగ్లండులో హిల్టన్ అనే ఖాతాదారునికీ వెస్ట్‌మినిస్టర్ బ్యాంకుకూ మధ్య నడిచిన వ్యాజ్యంలో 1926లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది. ఆయన తంతి ద్వారా చెక్కు ఆపమన్నాడు. పేరు, మొత్తం సరిగానే చెప్పాడు. సంఖ్య మాత్రం తప్పు పడింది. తరువాత సరైన సంఖ్యతో చెక్కు వచ్చినప్పుడు, ఇది ఆగిపోయినదానికి బదులుగా ఇచ్చిన కొత్త చెక్కు కాబోలనుకుని బ్యాంకు చెల్లించింది. తప్పు బ్యాంకుది కాదని న్యాయస్థానం నిర్ణయించింది. తంతి పోయి ఫోను వచ్చినా ఆ సూత్రం మారలేదు. ఒక్క అంకె తప్పితే మనం ఆపేది మరో చెక్కును.

రెండవ పనిగా ఖాతా లావాదేవీలు చూశాము. ఆ సంఖ్య మీద డబ్బు వెళ్ళలేదు. ఇది ఆపే ముందే చూసుకోవలసిన సంగతి. అప్పటికే చెల్లింపు జరిగిపోయి ఉంటే స్టాప్ పేమెంట్‌కు అర్థం లేదు. వెంటనే పోలీసులను, బ్యాంకును ఆశ్రయించవలసి ఉంటుంది.

మూడవ పని ఆపమని చెప్పడం. ముందుగా బ్యాంకు సహాయ కేంద్రానికి ఫోను చేశాము. అవతలివారు వివరాలన్నీ మర్యాదగా వ్రాసుకుని, "మీ అభ్యర్థన నమోదైంది" అని ఒక సంఖ్య ఇచ్చారు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కాని పదిహేను నిమిషాల తర్వాత బ్యాంకు యాప్‌లో ఆ చెక్కు స్థితిని చూస్తే అది ఇంకా "వాడనిది" అనే కనిపించింది. అభ్యర్థన నమోదైంది, చెక్కు ఆగలేదు. ఆ క్షణాన ఎవరైనా దానిని కౌంటరులో ఇచ్చి ఉంటే గుమాస్తా తెరమీద ఏ అడ్డంకీ కనిపించేది కాదు.

ఇక ఎదురుచూడకుండా యాప్‌లోనే చెక్కు సేవల విభాగం తెరిచాము. ఖాతాను ఎంచుకుని, చెక్కు సంఖ్య వ్రాసి, కారణం దగ్గర "చెక్కు పోయింది" అన్నది ఎంచుకున్నాము. ఫోనుకు వచ్చిన ఓటీపీ ఇచ్చిన తర్వాత ఒక సూచిక సంఖ్య వచ్చింది. రుసుమూ దానిపై పన్నూ ఖాతా నుండి వెళ్ళాయి. మళ్ళీ చెక్కు స్థితి చూశాము. ఈసారి "ఆపబడింది" అని ఉంది. సమయం మూడు గంటల పద్దెనిమిది నిమిషాలు. ఆ తెరను ఫొటో తీసి ఉంచాము. అంతటితో వదలక శాఖకు వెళ్ళి వ్రాతపూర్వకంగా లేఖ ఇచ్చాము. అందులో ఖాతా సంఖ్య, చెక్కు సంఖ్య, తేదీ, మొత్తం, ఎవరి పేరున వ్రాసినదీ, పోయిన కారణమూ, యాప్ ఇచ్చిన సూచిక సంఖ్యా ఉన్నాయి. రెండవ ప్రతి మీద శాఖ ముద్ర, అధికారి సంతకం, తేదీతో పాటు గంటా నిమిషమూ వ్రాయించుకున్నాము. యాప్ లేని పెద్దవారికి ఈ లేఖే మొదటి మార్గం. వారు లేఖ ఇచ్చి వెనుదిరగకుండా, అధికారి కంప్యూటరులో నమోదు చేసేంతవరకు నిలబడి, "ఆగినట్లు కనబడుతోందా?" అని అడగడం మంచిది. ఆ ప్రశ్నకు ఎవరూ నొచ్చుకోరు.

గంటా నిమిషమూ ఎందుకో మరొక పాత వ్యాజ్యం చెబుతుంది. 1908 నాటి ఇంగ్లండు న్యాయ నివేదికలలో కర్టిస్ అనే వ్యక్తి కేసు ఉంది. ఆయన గుర్రాలు కొనడానికి 63 పౌండ్ల చెక్కు ఇచ్చాడు. గుర్రాలు రాకపోవడంతో చెక్కు ఆపమని బ్యాంకుకు తంతి కొట్టాడు. అప్పటికి బ్యాంకు మూసివేశారు గనుక తంతిని ఉత్తరాల పెట్టెలో వేశారు. మరునాడు పెట్టె తెరిచినవారు దానిని గమనించలేదు. ఈలోగా చెక్కు వచ్చింది, చెల్లింపు జరిగింది. ఆపమన్న మాట బ్యాంకు దృష్టికి నిజంగా చేరనంతవరకు చెక్కు ఆగినట్లు కాదని న్యాయస్థానం చెప్పింది. పెట్టెలో పడిన తంతికీ, సహాయ కేంద్రంలో నమోదైన అభ్యర్థనకూ పెద్ద తేడా లేదు. మనం ఎప్పుడు చెప్పామన్నది కాదు, బ్యాంకు ఎప్పుడు అందుకుని ఆపిందన్నదే లెక్క. అందుకే ఆ నిమిషం కాగితం మీద ఉండాలి. ఆ నిమిషం తర్వాత బ్యాంకు చెల్లిస్తే అది మన ఆజ్ఞ లేకుండా చేసిన చెల్లింపు. ఆ సొమ్మును తిరిగి జమ చేయమని హక్కుగా అడగవచ్చు. శాఖకు ఫిర్యాదు ఇచ్చిన తర్వాత 30 రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తినివ్వకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in ద్వారా రుసుము లేకుండా నివేదించుకోవచ్చు.

సాయంత్రానికి మేస్త్రీ మళ్ళీ వచ్చాడు. చెక్కు ఆగింది గదా, ఇంకొకటి వ్రాసి ఇవ్వవచ్చు గదా అని ఆయన కళ్ళు అడుగుతున్నాయి. మా అమ్మీ పైకే అన్నారు: "కాగితం పోతే పోయింది బేటా, బాకీ పోలేదు గదా. కూలివాళ్ళ ఇళ్ళలో పొయ్యి ఆగుతుందా?" ఆ మాటకు ఎదురు లేదు. పోయిన చెక్కు అప్పును తీర్చదు. పనిచేసినవాని కూలిని ఆలస్యం చేయరాదన్న ఆదేశం మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. అయినా ఆ ఘడియలో పూర్తి మొత్తం ఇవ్వడానికి వెనుకాడాము. కారణం సంశయం కాదు, గడియారం.

పూర్వం చెక్కులు విడతలుగా క్లియరింగుకు వెళ్ళి, సాధారణంగా మరునాటికి తేలేవి. 2025 అక్టోబరు 4 నుండి రిజర్వు బ్యాంకు ఆ పద్ధతిని మార్చింది. నిర్ణీత వేళల్లో బ్యాంకులకు అందిన చెక్కుల బొమ్మలు అందినవి అందినట్లే చెల్లించవలసిన బ్యాంకుకు చేరుతాయి. ఆ బ్యాంకు సాయంత్రం 7 గంటలలోగా ఒప్పుకుంటున్నదో తిరస్కరిస్తున్నదో చెప్పాలి. ఏమీ చెప్పకపోతే ఒప్పుకున్నట్లుగానే లెక్క. తన చెక్కు డబ్బు కోసం ఎదురుచూసేవానికి ఇది మేలు. చెక్కు పోగొట్టుకున్నవానికి మాత్రం దీని అర్థం వేరు: ఉదయం పోయిన చెక్కు ఎవరి ఖాతాలోనైనా వేయబడితే ఆ సాయంత్రానికే మన డబ్బు వెళ్ళిపోవచ్చు. "రేపు తీరికగా బ్యాంకుకు వెళ్దాం" అనుకునే వెసులుబాటు ఇక లేదు. అయితే క్లియరింగులో ఉన్న చెక్కు విషయంలో కూడా, బ్యాంకు ఇంకా ఒప్పుకోకముందే మన ఆజ్ఞ నమోదైతే అది ఆగుతుంది. ఒప్పుకున్న తర్వాత మాత్రం ఆపడానికి ఏమీ మిగలదు.

మేము ఆపించింది 3 గంటల 18 నిమిషాలకు. అంతకుముందే ఆ చెక్కు ఎక్కడైనా స్కాన్ అయి, లావాదేవీ ఇంకా మాకు కనిపించకుండా ఉండే అవకాశం కొద్దిగానైనా ఉంది. కనుక ఇంట్లో ఉన్న నగదు కూడగట్టి, ఆనాటి కూలీల కోసం 8,000 రూపాయలు మేస్త్రీ చేతిలో పెట్టాము. మిగిలిన 40,500 మరునాటికి వాయిదా వేశాము. రాత్రి ఏడున్నరకు ఖాతా చూశాము. ఆ సంఖ్య మీద ఏ చెల్లింపూ లేదు. బుధవారం ఉదయం మరొకసారి చూసి, మిగిలిన మొత్తాన్ని మరో చెక్కుగా కాక నేరుగా ఆయన ఖాతాకు పంపాము.

పంపే ముందు ఆయనతో ఒక చిన్న పత్రం వ్రాయించుకున్నాము. ఫలానా సంఖ్య గల చెక్కు తన వద్ద పోయిందనీ, దానిని ఎవరికీ ఇవ్వలేదనీ, దొరికితే తిరిగి అప్పగిస్తాననీ, దానివల్ల మాకు నష్టం వస్తే భరిస్తాననీ అందులో ఉంది. ఇది అపనమ్మకం కాదు. చెల్లించేవారు ఆ పత్రాన్ని వెనక్కి తీసుకునే హక్కునూ, అది పోయిన పక్షంలో హామీ పొందే హక్కునూ అదే చట్టంలోని 81వ సెక్షను ఇస్తున్నది. మేస్త్రీ చదివించుకుని విని, "ఇది న్యాయమే" అని సంతకం చేశాడు.

చెక్కు ఆగిన తర్వాత కూడా ఒక ముప్పు మిగిలే ఉంటుంది. దొరికినవానికి ఆ డబ్బు మీద హక్కు లేదు. ఆ మాట చట్టమే చెబుతుంది. కాని అతడు ఆ బేరర్ చెక్కును ఏ దుకాణదారునికో ఇచ్చి సరుకు తీసుకున్నాడనుకోండి. ఆ దుకాణదారుడు ఏ అనుమానమూ లేక, వెల ఇచ్చి, సద్భావంతో తీసుకున్నవాడైతే అతని హక్కు వేరు. బ్యాంకు చెక్కును తిప్పి పంపినా అతడు చెక్కు వ్రాసినవారిని డబ్బు అడగవచ్చు. 138వ సెక్షను కింద నోటీసు కూడా పంపవచ్చు. స్టాప్ పేమెంట్ వల్ల తిరిగి వచ్చిన చెక్కులకు కూడా ఆ సెక్షను వర్తిస్తుంది. బాకీ ఎగవేయడానికి చెక్కు ఆపేవారిని అడ్డుకోవడానికే న్యాయస్థానాలు ఆ మాట చెప్పాయి. అయితే ఖాతాలో సరిపడా డబ్బు ఉండగా, సరైన కారణంతోనే ఆపామని నిరూపించుకుంటే నేరం కాదని ఎం.ఎం.టి.సి. వర్సెస్ మెడ్చల్ కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు 2001లో స్పష్టం చేసింది. నిరూపించుకునే భారం మాత్రం ఆపినవారిదే.

దీనినుండి తేలే పని చాలా సాధారణమైనది. చెక్కుకు దాని మీది తేదీ నుండి మూడు నెలలే ఆయువు. మా చెక్కు ఆయువు ఫిబ్రవరి మూడో వారంతో తీరుతుంది. అంతవరకు ఆ ఖాతాలో 48,500కు తగ్గకుండా నిలువ ఉంచాము. ముద్ర వేసిన లేఖనూ, తెర ఫొటోనూ, మేస్త్రీ పత్రాన్నీ ఒకే కవరులో దాచాము. నోటీసు వస్తే పదిహేను రోజులలోగా స్పందించాలి. "మేము ఆపేశాం గదా" అని ఊరుకోకూడదు.

ఎనిమిదవ రోజున మేస్త్రీ నవ్వుతూ వచ్చాడు. చెక్కు ఆయన కొలతల పుస్తకం అట్టకూ కాగితానికీ మధ్య మడిచి ఉంది. జేబులో పెట్టుకున్నానన్నది ఆయన జ్ఞాపకమే గాని నిజం కాదు. స్టాప్ పేమెంట్‌ను వెనక్కి తీసుకునే ప్రసక్తి లేదు, డబ్బు ఇచ్చేశాము. సంతకం మీదా, అడుగున ఉన్న అంకెల మీదా గీతలు కొట్టి, చించి, ఆ ముక్కలను కూడా అదే కవరులో వేశాము.

చివరిగా షాదీ ముబారక్ సంగతి. మన పట్టణంలోనూ చుట్టుపక్కల మండలాలలోనూ పెళ్ళికూతురి తల్లి పేరున 1,00,116 రూపాయల చెక్కు అందుకునే ఇళ్ళు అనేకం. ఆ చెక్కు పోతే తల్లి తన బ్యాంకుకు వెళ్ళి ఆపమనడం వల్ల ప్రయోజనం లేదు, ఎందుకంటే దానిని వ్రాసింది ఆమె కాదు. అది ఏ కార్యాలయం నుండి వచ్చిందో ఆ కార్యాలయానికి అదే రోజు వ్రాతపూర్వకంగా తెలిపి, ముద్ర వేసిన ప్రతి తీసుకోవాలి. ఆపించవలసిందీ, మరొకటి ఇవ్వవలసిందీ వారే. అందుకు సంఖ్య కావాలి. కాబట్టి చెక్కు చేతికి అందిన వెంటనే, ఫొటోలూ మిఠాయిలూ తర్వాత, ముందు ఆ ఆరు అంకెలనూ తేదీనీ ఇంట్లో ఒక పుస్తకంలో వ్రాసుకోవడం మంచిది. మూడు నెలల ఆయువు దానికీ ఉంది. బీరువాలో దాచి మరచిన చెక్కు కూడా పోయిన చెక్కుతో సమానమే.